మాటల మధ్య ఐదు సెకన్లలో ఏం చెప్పాలి?

"మా షార్ట్ ఫిల్మ్‌ని విజయవాడలో చూపు లేని పిల్లల హాస్టల్లో వెయ్యమన్నారు. డైలాగుల మధ్య దృశ్యాలు వివరించే వాయిస్ పెట్టాలి. ఎలా మొదలెట్టాలి?"

మైకు సంగతి తర్వాత. ముందు తెర వైపు చూడకుండా సినిమా మొత్తం వినండి. కథ ఎక్కడ అర్థం కాకుండా పోతోందో అక్కడే వివరణ కావాలి. ఆ తర్వాత మాటలు లేని ఖాళీలన్నీ టైముతో సహా రాసుకోండి.

గుంటూరులో ఓ మిత్రుడి సినిమాకి నేను రాసిన సీను చెప్తాను. మిర్చి యార్డులో తండ్రి "ఈసారి రేటు బాగుంటుందిరా" అంటాడు. ఐదు సెకన్లు మౌనం. ఆపైన కొడుకు "అవును నాన్నా" అంటాడు. మొదట రాసుకున్నది ఇది: "ఎర్రటి మిర్చి బస్తాల మధ్య నిలబడిన కొడుకు దిగులుగా చొక్కా జేబులోంచి అప్పు చీటీ తీసి చూసుకుని, తండ్రికి కనపడకుండా మళ్ళీ మడిచి పెట్టుకుంటాడు." చదివితే పది సెకన్లు పట్టింది.

బస్తాలు అక్కర్లేదు, హమాలీల కేకల్లోనే యార్డు తెలిసిపోతోంది. "దిగులుగా" అన్నది మన అభిప్రాయం (డైరెక్టర్ దాని కోసం చాలాసేపు వాదించాడు). అది అప్పు చీటీ అని సినిమాయే తర్వాతి సీనులో చెప్తుంది, మనం ముందే బయటపెట్టకూడదు. కానీ దాచాడన్న ముక్క తీసేస్తే "అవును నాన్నా" మామూలు ఒప్పుకోలులా వినిపిస్తుంది. చివరికి మిగిలింది: "కొడుకు జేబులోంచి చీటీ తీసి, తండ్రి చూడకుండా దాచేస్తాడు." నాలుగు సెకన్లు.

నిమిషానికి ఇన్ని మాటలన్న ఇంగ్లీషు లెక్క మనకి పనికిరాదు, మన మాటలు పొడుగు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవడమే నయం. ఖాళీయే లేని చోట అవసరమైన సంగతిని ముందున్న ఖాళీలో చెప్పెయ్యండి. అదీ కుదరకపోతే ఫ్రేమ్ ఆపి చెప్పాలి, అప్పుడు సినిమా నిడివి పెరుగుతుంది.

మిక్సింగ్‌కి Audacity చాలు. సినిమా ఆడియో పైన, మీ వాయిస్ సరిగ్గా దాని కింది ట్రాకులో పెట్టి, పైదాన్ని సెలెక్ట్ చేసి Auto Duck ఇవ్వండి. వాయిస్ వచ్చినప్పుడల్లా సినిమా సౌండు తగ్గుతుంది. మాటలు మొదలవకముందే మీ వాక్యం పూర్తయిందో లేదో ప్రతి చోటా వినండి. సౌండు కిందికి దిగి ఉండగా డైలాగు పడితే మొదటి మాట మింగేసినట్టు వినిపిస్తుంది. మిక్స్‌ని WAVగా తీసి వీడియోకి కలపండి:

```
ffmpeg -i film.mp4 -i mix.wav -map 0:v -map 1:a -c:v copy -c:a aac film_ad.mp4
```

ముందుగా చూపు లేని ఒకరిద్దరికి వినిపించి, కథ వాళ్ళనే చెప్పమనండి. "అర్థమైందా" అని అడిగితే మొహమాటానికి అవునంటారు. "కొడుకు ఏం దాచాడు?" అని అడిగితే అసలు సంగతి తేలుతుంది.

ఒకే ఫైలులో రెండో ఆడియో ట్రాకుగా కూడా పెట్టొచ్చు గానీ, హాస్టల్ టీవీలో ట్రాకు మార్చే ఆప్షన్ ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి. పెన్‌డ్రైవ్‌లో విడి ఫైలుగానే ఇవ్వండి.