ముందు ఆ ప్రింటర్ సంగతి చూడు

చిన్నా,

నీ మెయిల్ చదివాను. మీరు ముగ్గురు, ఇద్దరికి రియాక్ట్ వచ్చు, ఒకతనికి జావా వచ్చు. పాల కేంద్రంలో లీటర్లు, ఫ్యాట్ ఫోన్ యాప్‌లో ఎక్కించి, రైతు చేతికి తెలుగులో రసీదు ఇవ్వాలి. ఆ యాప్ రాయడానికి కోట్లినా, ఫ్లటరా, రియాక్ట్ నేటివా అని అడిగావు. ఎవరికి ఏం వచ్చన్నది తర్వాత. యాప్‌లో చిక్కంతా ఆ రసీదు దగ్గరే ఉంది.

చవక బ్లూటూత్ ప్రింటర్లలో మామూలుగా తెలుగు ఫాంటు ఉండదు. అక్షరాలు నేరుగా పంపితే పిచ్చి గుర్తులు పడతాయి. కాబట్టి రసీదును ఫోన్‌లోనే బొమ్మగా గీసి, చుక్కలుగా పంపాలి. 58 మి.మీ. కాగితం మీద అడ్డంగా 384 చుక్కలు పడతాయి, అంటే వరుసకు 48 బైట్లు.

కోట్లిన్‌లో ఇది సులువు. `StaticLayout` ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చి గీస్తుంది, ప్రింటర్‌కి `BluetoothSocket` తెరిస్తే చాలు. ఫ్లటర్‌లో గీయడం కష్టం కాదు గానీ, బ్లూటూత్ కోసం ఎవరో రాసిన ప్లగిన్ మీద ఆధారపడాలి, లేదా ఆ ముక్క మీరే కోట్లిన్‌లో రాసుకోవాలి. రియాక్ట్ నేటివ్‌లో బొమ్మ తీయడానికో లైబ్రరీ, బ్లూటూత్‌కి ఇంకొకటి. పైగా ఎక్స్‌పో గోలో అలాంటివి నడవవు, మీ సొంత బిల్డ్ చేసుకోవాలి.

ప్లగిన్ దెబ్బ నేను తిన్నాను. ఒక ఫ్లటర్ యాప్‌లో ప్రింటర్ ప్లగిన్ రాసినాయన దాన్ని వదిలేశాడు. గ్రేడిల్ ప్లగిన్ 8కి మారగానే బిల్డ్ `Namespace not specified` అని ఆగిపోయింది. కోడ్ కాపీ చేసుకుని ఒక లైను కలిపితే కుదిరింది. తీరా చూస్తే, పాత ఫోన్లలో బాగానే ఉన్న యాప్ ఆండ్రాయిడ్ 12 ఫోన్లలో ప్రింట్ నొక్కగానే మూసుకుపోయేది. `BLUETOOTH_CONNECT` అనుమతిని ఆ ప్లగిన్ అడగడం లేదు. పాత టార్గెట్ వెర్షన్‌తోనే ఉండిపోదామంటే, ప్లే స్టోర్ ఏటా దాన్ని పెంచమంటుంది.

కేంద్రాల్లో అన్నీ ఆండ్రాయిడ్ ఫోన్లే అన్నావు. అయితే కోట్లినే తీసుకోండి. జావా కుర్రాడు ప్రింటర్ పని పట్టుకుంటాడు. మిగతా ఇద్దరికీ జెట్‌ప్యాక్ కంపోజ్ మరీ కొత్తగా ఏమీ ఉండదు, అక్కడా స్టేట్ మారితే స్క్రీన్ మారుతుంది. డెయిరీ యజమాని ఐఫోన్‌లో లెక్కలు చూడాలంటే, రియాక్ట్‌తో ఒక వెబ్ పేజీ చేసిపెట్టండి. రైతులకూ, కొనేవాళ్లకూ రెండు రకాల ఫోన్లలో యాప్ ఇవ్వాల్సి వస్తే అప్పుడు ఫ్లటర్ అనేవాణ్ని.

లాగిన్ పేజీ మొదలెట్టకముందే వాళ్లు వాడే ప్రింటర్ ఒకటి తెచ్చి మూడు రోజులు దాంతోనే కూర్చోండి. "లక్ష్మి", "కృష్ణ" ఒత్తులతో సహా పడుతున్నాయా చూడండి. వరుసగా ఇరవై రసీదులు కొట్టండి. సగంలో గీతలు మాయమైతే ప్రింటర్ బఫర్ నిండిపోతోందని అర్థం, ముక్కలుగా ఆగి ఆగి పంపండి. మధ్యలో ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు యాప్ తనంతట తాను కనెక్ట్ కాకపోతే, పొద్దున్నే క్యాన్లతో క్యూ కట్టిన రైతుల ముందు పాల కేంద్రం ఏజెంట్ పడే టెన్షన్ నీకు ఫోన్‌లో వినిపిస్తుంది.

మీ మామయ్య