స్కాన్ నార్మల్ అన్నారు, నెలసరి నొప్పి మాత్రం ఏటికేడు పెరుగుతోంది

ప్రశ్న: నా వయసు 23. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇంటర్ నుంచీ నెలసరి నొప్పి ఉంది. అప్పట్లో ఒక మాత్రతో తగ్గేది. రెండేళ్లుగా మూడు మాత్రలు వేసుకున్నా మొదటి రెండు రోజులు మంచం దిగలేకపోతున్నాను. నెలసరికి రెండు రోజుల ముందే నడుము లాగడం మొదలవుతుంది. ఆ రోజుల్లో మలవిసర్జనకు వెళ్లాలంటే భయం. రెండుసార్లు స్కాన్ తీయించాను, అంతా నార్మల్ అన్నారు. పెళ్లయితే తగ్గిపోతుందని అమ్మ అంటోంది. ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: కావచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా అవునని తేల్చి చెప్పలేను కానీ, అనుమానించడానికి మీ ఉత్తరంలో తగినంత ఉంది. నొప్పి ఎంత తీవ్రంగా ఉందన్నదాని కన్నా, అది ఇన్నేళ్లలో ఎలా మారుతూ వచ్చిందన్నది నాకు ఎక్కువ చెబుతోంది.

మామూలు నెలసరి నొప్పికి ఒక పద్ధతి ఉంటుంది. రజస్వల అయిన ఆరు నెలలకో ఏడాదికో మొదలవుతుంది. రక్తస్రావంతో పాటు, లేదా దానికి కొన్ని గంటల ముందు వచ్చి, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. గర్భాశయం లోపొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగుసుకునేలా చేయడమే దీనికి కారణం. నొప్పి మాత్ర ఆ రసాయనాల తయారీని అడ్డుకుంటుంది కనుక చాలామందికి బాగానే పనిచేస్తుంది. వయసు పెరిగేకొద్దీ కొందరిలో నొప్పి దానంతటదే నెమ్మదిస్తుంది కూడా.

ఎండోమెట్రియోసిస్ దారి వేరు. గర్భాశయం లోపొరను పోలిన కణజాలం గర్భాశయానికి బయట పెరుగుతుంది. అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, గర్భాశయాన్ని వెనక నుంచి పట్టి ఉంచే బంధనాల మీద అది కనిపిస్తుంటుంది. హార్మోన్లకు అది కూడా స్పందిస్తుంది కనుక నెలనెలా అక్కడ వాపు వస్తుంది, క్రమంగా మచ్చ కడుతుంది, పక్కపక్కన ఉన్న అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నొప్పి ఒకటి రెండు రోజుల ముందే మొదలవడం, ఒకప్పుడు లొంగిన మాత్రకు ఇప్పుడు లొంగకపోవడం ఈ దారిలోనివి. గర్భాశయం వెనక ఉన్న బంధనాలకు, పెద్దపేగు చివరి భాగానికి మధ్య దూరం చాలా తక్కువ. అక్కడ వాపు ఉన్నప్పుడు మలం కిందికి దిగుతుంటే కత్తితో కోసినట్టు ఉంటుందని నా దగ్గరికి వచ్చేవారు చెబుతుంటారు. ఇది నెల పొడవునా ఉంటే పైల్స్, ఫిషర్ వంటివి కూడా చూడాలి. ఆ నాలుగు రోజులే ఉండి మిగతా నెలంతా మాయమైతే నా అనుమానం గర్భాశయం వెనక్కే వెళుతుంది. డాక్టరును కలిసినప్పుడు ఈ తేడాను వారు అడిగినా అడగకపోయినా మీరే చెప్పండి.

ఇది తేలడానికి ఏళ్లెందుకు పడుతుందో నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి ఫైలు చూపిస్తే తెలుస్తుంది. ఆమెకు అప్పటికి 26 ఏళ్లు, నొప్పి మొదలై తొమ్మిదేళ్లు. సంచీ నిండా చీటీలు తెచ్చింది. ఒక దాంట్లో గ్యాస్ట్రిక్, ఒక దాంట్లో మూత్రంలో ఇన్ఫెక్షన్, మరో దాంట్లో ఫుడ్ పాయిజనింగ్, ఇంకో చోట అపెండిక్స్ కావచ్చని రాశారు. ఒక్క చీటీలోనూ నెలసరి అన్న మాట లేదు. వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు. కాలేజీకి ఇచ్చిన సెలవు చీటీల్లో అయితే ప్రతిసారీ జ్వరమే! ఆ ఏడాది అత్యవసర విభాగానికి వెళ్లిన చీటీలను మాత్రం విడిగా తీసి, తేదీల వారీగా బల్ల మీద పేర్చాను. మార్చి 4, ఏప్రిల్ 29, జులై 22. మొదటి రెండింటికీ మధ్య 56 రోజులు, తర్వాతి రెండింటికీ మధ్య 84 రోజులు. ఆమెకు నెలసరి 28 రోజులకోసారి వస్తుంది. లెక్క చూపించగానే వాళ్లమ్మ కుర్చీలో ముందుకు వంగి ఆ కాగితాలను మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది. ఎవరూ పెద్ద తప్పు చేయలేదు. ప్రతి డాక్టరూ ఒక్క రోజు నొప్పిని చూశారు, తొమ్మిదేళ్ల నొప్పిని ఎవరూ చూడలేదు. నొప్పి మొదలైన నాటి నుంచి జబ్బు పేరు తెలిసే దాకా 4 నుంచి 12 ఏళ్లు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. కాబట్టి ఇది ఆ ఒక్క అమ్మాయి కథ కాదు.

ఇక మీ స్కాన్ల సంగతి. నార్మల్ రిపోర్టు అబద్ధం కాదు, అది చూడగలిగింది అంతే. పొట్ట మీద నుంచి తీసే అల్ట్రాసౌండ్‌లో అండాశయంలో పాత రక్తం నిండిన చాక్లెట్ సిస్ట్ ఉంటే సాధారణంగా కనిపిస్తుంది. పొత్తికడుపు పొర మీద అక్కడక్కడ అంటుకున్న చిన్న మచ్చలు ఏ స్కాన్‌లోనూ సరిగా కనిపించవు. గర్భాశయం వెనక లోతుగా పాతుకున్నవి యోని మార్గంలో చేసే స్కాన్‌లో కనిపించే వీలుంది, అదీ చూసేవారు వాటి కోసమే వెతికితే. పెళ్లికానివారికి మన దగ్గర ఆ స్కాన్ సాధారణంగా చేయరు. మీరు వద్దనుకుంటే ఎంఆర్ఐ చేయించవచ్చు, కానీ అందులోనూ చిన్న మచ్చలు తప్పిపోతాయి. స్కాన్ కోసం రాసే చీటీలో ‘పొత్తికడుపు నొప్పి’ అని మాత్రమే కాకుండా ‘ఎండోమెట్రియోసిస్ అనుమానం, నెలసరిలో మలవిసర్జన నొప్పి’ అని రాయించుకోండి. దేని కోసం వెతకాలో తెలిస్తే రేడియాలజిస్టు అండాశయాలు కదులుతున్నాయా, గర్భాశయం పేగు మీద జారుతోందా, అతుక్కుపోయిందా అన్నది కూడా చూస్తారు. సీఏ-125 అనే రక్తపరీక్షను మాత్రం దీని కోసం చేయించుకోకండి. నెలసరి రోజుల్లో అది మామూలుగానే పెరుగుతుంది, పొత్తికడుపు క్షయలోనూ పెరుగుతుంది. రిపోర్టులో అంకె పక్కన గుర్తు చూసి క్యాన్సరేమోనని ఇల్లంతా నిద్ర లేకుండా గడుపుతారు, జబ్బు మాత్రం తేలదు.

పదిహేనేళ్ల క్రితమైతే ల్యాపరోస్కోపీ చేసి కళ్లతో చూస్తేనే ఇది ఎండోమెట్రియోసిస్ అనే వాళ్లం. ఇప్పుడు ఆ పట్టు సడలింది. యూరప్ సంతానోత్పత్తి వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు, స్కాన్‌లో ఏమీ లేకపోయినా లక్షణాలను బట్టి మందులు మొదలుపెట్టవచ్చంటున్నాయి. ఇది మీలాంటివారికి మంచి కబురే. రుజువు కోసం పొట్టలో రంధ్రాలు పెట్టించుకోనక్కర్లేదు.

మందులకు ముందు ఒక మాట. మూడు మాత్రలు వేసుకున్నానన్నారు, ఎప్పుడు వేసుకున్నారో రాయలేదు. నొప్పి భరించలేని స్థితికి వచ్చాక వేసుకుంటే ప్రోస్టాగ్లాండిన్లు అప్పటికే తయారైపోయి ఉంటాయి. మెఫెనమిక్ యాసిడ్ వంటి మాత్రను తొలి సూచన కనిపించగానే తిన్న తర్వాత మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన మోతాదులో, సాధారణంగా 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, రెండు మూడు రోజులు వాడాలి. ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఒంటి మీద దద్దుర్లు, జ్వరం వస్తే వెంటనే ఆపేయాలి. ఈ మాత్రతో అలాంటి తీవ్రమైన అలర్జీ రావచ్చని మన ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది. ఇలా సరైన సమయానికి వాడినా పనికి వెళ్లలేకపోతుంటే, మాత్రల సంఖ్య పెంచడం దారి కాదు.

తర్వాతి మెట్టు హార్మోన్ మందులు. గర్భనిరోధక మాత్రలు లేదా రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ ఎక్కువగా వాడతాం. ఉద్దేశం గర్భనిరోధం కాదు, ఆ కణజాలాన్ని నెలనెలా రెచ్చగొట్టే హార్మోన్ల ఎత్తుపల్లాలను చదును చేయడం. ఇంట్లోవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి, ఎందుకంటే మాత్రల అట్ట చూసి జరిగే గొడవలు నేను చాలా విన్నాను. కళ్ల ముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్, అధిక రక్తపోటు, గతంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పనికిరావు. డైనోజెస్ట్ మొదటి నెలల్లో అప్పుడప్పుడు కొద్దికొద్దిగా రక్తం కనిపించేలా చేస్తుంది. చాలామంది అది చూసి భయపడి రెండో నెలలోనే ఆపేస్తారు. మూడు నెలలు వాడితే కానీ పనిచేసిందో లేదో చెప్పలేం. తగ్గినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ రుజువైనట్టు కాదు, మామూలు నొప్పి కూడా ఈ మందులకు తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు ఎంఆర్ఐ, ల్యాపరోస్కోపీ గురించి మాట్లాడాలి. ఆ 26 ఏళ్ల అమ్మాయికి ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల సిస్ట్ ఉంది. ఆపరేషన్ చేస్తే దాంతో పాటు కొన్ని ఆరోగ్యకరమైన అండాలూ పోతాయి కనుక ముందు డైనోజెస్ట్‌తోనే మొదలుపెట్టాం. మూడో నెలకు ఆమె సెలవు పెట్టలేదు. సిస్ట్ కరిగిపోలేదు, పెరగనూ లేదు. ఆరు నెలలకోసారి స్కాన్ చేసి చూస్తున్నాం.

మీ అమ్మగారి మాటకు వస్తే, గర్భంతో ఉన్నన్నాళ్లు నెలసరి ఉండదు కనుక కొందరికి నొప్పి కూడా ఉండదు. ఆ తర్వాత మళ్లీ రావచ్చు. ఈ జబ్బున్న కొందరికి గర్భం ఆలస్యమవుతుంది, కలయికలో నొప్పి కూడా ఉండవచ్చు. పెళ్లిని మందుగా భావించి తేదీ ముందుకు జరపడం అమ్మాయికీ, వచ్చే అబ్బాయికీ అన్యాయం.

ఇప్పుడు మీరు చేయాల్సింది: గైనకాలజిస్టు అపాయింట్‌మెంటు తీసుకోండి, మరో మూడు నెలలు ఆగనక్కర్లేదు. ఈలోగా ఫోను క్యాలెండర్‌లో నెలసరి తేదీ, నొప్పి ఏ రోజు మొదలై ఏ రోజు ఆగింది, పదికి ఎంత, ఎన్ని మాత్రలు ఏ గంటకు వేసుకున్నారు, మలమూత్ర విసర్జనలో నొప్పి ఉందా, ఆఫీసుకు వెళ్లారా అన్నవి రాసుకోండి. పాత స్కాన్లు, చీటీలు అన్నీ తీసుకెళ్లండి. నొప్పి ఒక్కసారిగా ఒకవైపు పొడుచుకొచ్చి వాంతులైనా, జ్వరం వచ్చినా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. సిస్ట్ పగలడమో, అండాశయం మెలిపడటమో అయి ఉండవచ్చు. అక్కడ డ్యూటీ డాక్టరుకు చెప్పే మొదటి వాక్యంలోనే చివరి నెలసరి ఎప్పుడొచ్చిందో చెప్పండి.