టెక్ సందేహాలు: బ్యాక్‌టెస్ట్ చూపిన డ్రాడౌన్ ఒక్కటే చాలదు

ప్రశ్న: నిఫ్టీ ఆప్షన్లు కొనే నా పద్ధతిని ఏడాది డేటాపై బ్యాక్‌టెస్ట్ చేశాను. 240 ట్రేడ్లలో 108 గెలిచాయి. గెలిస్తే ఖర్చులు పోను రూ.6,000, ఓడితే రూ.4,000 నష్టం. గరిష్ఠ డ్రాడౌన్ రూ.36,000 వచ్చింది. రూ.5 లక్షలతో మొదలుపెట్టి, నష్టం రూ.50,000 దాటితే ఆపేద్దామనుకుంటున్నాను. సాఫ్ట్‌వేర్‌లోని మాంటే కార్లో బటన్ నొక్కితే ఏ వరసలోనైనా చివరి లాభం రూ.1,20,000 అనే చూపుతోంది. ఒక వెబ్‌సైట్ ఇంకా మంచి విశ్లేషణ ఇస్తానంటూ ట్రేడ్‌బుక్‌తో పాటు బ్రోకర్ ఏపీఐ కీ అడుగుతోంది. ఇవ్వవచ్చా?

జవాబు: కీ ఇవ్వకండి, ట్రేడ్‌బుక్ కూడా పంపకండి. ఈ లెక్కకు ఆ రెండింటిలో ఏదీ అవసరం లేదు. అంతకంటే ముందు రూ.50,000 దగ్గర ఆపేయాలన్న మీ నిర్ణయం గురించి చెప్పాలి, ఎందుకంటే కొద్దిపాటి తేడాలతో ఇదే ఉత్తరం నాకు నెలనెలా వస్తోంది.

మీ చివరి లాభం ప్రతిసారీ ఒకే అంకెగా రావడం మీ పద్ధతి గట్టిదనానికి గుర్తు కాదు. మీ సాఫ్ట్‌వేర్ ఆ 240 ఫలితాలనే పేకముక్కల్లా కలిపి మళ్లీ పరుస్తోందని మాత్రమే దాని అర్థం. ముక్కలు అవే కాబట్టి వరస ఎంత మారినా మొత్తం మారదు, మధ్యలో శిఖరం నుంచి కిందికి పడే గుంత లోతు, అంటే డ్రాడౌన్ మాత్రమే మారుతుంది. వచ్చే ఏడాది కూడా సరిగ్గా 108 గెలుపులు, 132 ఓటములే వస్తాయని ఈ పద్ధతి ముందే ఒప్పేసుకుంటుంది, కానీ అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. రెండో పద్ధతిలో ఒక ఫలితాన్ని తీసి రాసుకున్నాక దాన్ని తిరిగి కుప్పలో వేసి మళ్లీ తీస్తారు. అలా 240 సార్లు తీస్తే ఒక రన్‌లో 95 గెలుపులు రావచ్చు, మరో రన్‌లో 120 రావచ్చు. 1979లో బ్రాడ్లీ ఎఫ్రాన్ బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టిన పద్ధతి ఇదే. లైవ్‌కు వెళ్లేముందు చూడవలసింది కూడా దీన్నే.

మీ అంకెలను ఇలా తిప్పితే బొమ్మ చాలా మారుతుంది. చివరి లాభం సగటు రూ.1,20,000 దగ్గరే ఉంటుంది, కానీ దాని చుట్టూ ఊగిసలాట సుమారు రూ.77,000 ప్రామాణిక విచలనంతో ఉంటుంది. నూటికి సుమారు అయిదు రన్‌లలో ఏడాది చివరికి నష్టమే మిగులుతుంది. కలిపి పరిచే పద్ధతి మీకు ఎన్నటికీ చూపలేనిది ఇదే. ఇక డ్రాడౌన్ విషయానికొస్తే, మధ్యస్థ విలువ సుమారు రూ.54,000, 95వ పర్సంటైల్, అంటే నూటికి తొంభై అయిదు రన్‌లు దాటని లోతు, సుమారు రూ.1,00,000, 99వది రూ.1,30,000కు చేరువలో ఉంటుంది. పది రన్‌లలో ఎనిమిదికి పైగా వాటిలో మీ బ్యాక్‌టెస్ట్ చూపిన రూ.36,000 కంటే లోతైన గుంతే పడుతుంది. అంటే మీరు గరిష్ఠం అనుకున్నది, ఇదే పద్ధతి చెక్కుచెదరకుండా పనిచేస్తున్నా సాధారణంగా దాటిపోయే గీత.

ఇప్పుడు మీ రూ.50,000 గీతను దీని పక్కన పెట్టి చూడండి. సగానికి పైగా రన్‌లలో ఏడాదిలోపే ఆ గీత తెగుతుంది. ఈ రన్‌లన్నింటిలో పద్ధతికి ఏ లోపమూ రాలేదని, ప్రతి ట్రేడుకూ అదే 45 శాతం గెలుపు అవకాశం, అదే రూ.6,000, అదే రూ.4,000 ఉన్నాయని గుర్తుంచుకోండి. అంటే బాగున్న పద్ధతిని సైతం సగానికి పైగా సార్లు మీరే గుంత అడుగున వదిలేస్తారు. తర్వాత అది కోలుకుంటుంటే చూసి మళ్లీ మొదలుపెడతారు. నాకు ఉత్తరాలు రాసేవారిలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకున్నది ఈ చోటనే. బ్యాక్‌టెస్ట్ సాఫ్ట్‌వేర్లు నివేదిక పైభాగంలో గరిష్ఠ డ్రాడౌన్ అంటూ ఒకే అంకెను పెద్ద అక్షరాలతో చూపడం నాకు చాలా కాలంగా కోపం తెప్పిస్తున్న విషయం. ఒక్కసారి జరిగిన వరసలో కనిపించిన లోతుకు గరిష్ఠం అని పేరు పెట్టడమే వాడేవారిని తప్పుదారి పట్టించడం. పైగా మాంటే కార్లో అని బటన్ పెట్టి, లోపల జరిగేది కలపడమా, తిరిగి వేసి తీయడమా అన్నది ఎక్కడా రాయరు. చివరి లాభం అన్ని రన్‌లలో ఒకేలా ఉంటే అది కలపడమే. తెలుసుకోవడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

ఈ లెక్కను మీ కంప్యూటర్‌లోనే, నెట్ ఆపేసి కూడా చేసుకోవచ్చు. ప్రతి వరుసలో ఒక ట్రేడ్ నికర ఫలితం మాత్రమే ఉండేలా `pnl.csv` అనే ఫైలు సిద్ధం చేసుకొని, పైథాన్‌లో ఇది నడపండి.

```python
import numpy as np
r = np.loadtxt("pnl.csv")
rng = np.random.default_rng(7)
dd = []
for _ in range(10000):
    eq = np.cumsum(rng.choice(r, size=len(r)))
    peak = np.maximum.accumulate(np.maximum(eq, 0))
    dd.append((peak - eq).max())
print(np.percentile(dd, [50, 95, 99]))
```

ఆ ఫైలులో అంకెలు తప్ప ఇంకేమీ లేవన్నది గమనించండి. మీరు పంపబోయిన ట్రేడ్‌బుక్‌లో ఏ రోజు ఏ క్షణంలో ఏ స్ట్రైక్ ఎన్ని లాట్లు కొన్నారో వరసగా ఉంటుంది, చాలా ఫైళ్లలో క్లయింట్ ఐడీ కూడా ఉంటుంది. మీ పద్ధతి ఏమిటో దాన్ని చూసి చాలావరకు ఊహించవచ్చు. ఏపీఐ కీ సంగతి ఇంతకంటే ప్రమాదకరం. ట్రేడ్ల చరిత్ర తెచ్చుకోవడానికే అని చెప్పి తీసుకున్న కీకి ఆర్డర్లు పెట్టే అనుమతి కూడా ఉండవచ్చు. మీరు రోజూ లాగిన్ అయ్యాక వచ్చే టోకెన్ గడువు తీరిపోయినా, కీ రహస్య భాగం మీరు మార్చేదాకా అలాగే ఉంటుంది. మీ ఖాతాలోంచి డబ్బు బయటకు తీయనక్కర్లేదు. కొనేవాళ్లు లేని ఒక దూరపు స్ట్రైక్‌ను మీ ఖాతాతో ఎక్కువ ధరకు కొనిపించి, అవతలి పక్క తాము అమ్ముకుంటే చాలు. రిటైల్ ఆల్గో ట్రేడింగ్‌పై 2025 ఫిబ్రవరిలో సెబీ ఇచ్చిన సర్క్యులర్ కీని క్లయింటుకూ, స్థిరమైన ఐపీ చిరునామాకూ ముడిపెట్టమన్నది ఇలాంటి దుర్వినియోగాన్ని కట్టడి చేయడానికే. ఇప్పటికే ఎక్కడైనా ఇచ్చి ఉంటే ఈరోజే బ్రోకర్ పేజీలో ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే, మాక్రోలు ఎనేబుల్ చేయమని అడిగే `.xlsm` ఫైళ్లను కూడా తెరవకండి. ఒక నిలువు వరస అంకెలను తిప్పడానికి మాక్రోకు మీ కంప్యూటర్ తాళం ఇవ్వాల్సిన పని లేదు.

ఇక ఈ లెక్క ఎక్కడ తక్కువ చూపుతుందో చెప్పాలి. ప్రతి ట్రేడూ ముందుదానితో సంబంధం లేకుండా వస్తుందన్న నమ్మకం మీద ఇది నిలబడింది, మార్కెట్ మాత్రం ఎప్పుడూ అలా ఉండదు. దిశలేని వారాల్లో ఆప్షన్ కొనేవారి నష్టాలు గుంపుగా వస్తాయి. ఒకే ఉదయం రెండు స్ట్రైక్‌లు కొంటే రెండూ కలిసే పడతాయి. విడివిడిగా తీసినప్పుడు ఈ గుంపులు చెదిరిపోయి డ్రాడౌన్ ఉన్నదానికంటే తక్కువ లోతుగా కనిపిస్తుంది. మీ డేటాలో ఈ సమస్య ఉందో లేదో కనిపెట్టడానికి, ఇందాక నేను తప్పుపట్టిన కలిపి పరిచే పద్ధతే పనికొస్తుంది. పై కోడ్‌లో `rng.choice(r, size=len(r))` బదులు `rng.permutation(r)` పెట్టి నడపండి. అసలు వరసలోని డ్రాడౌన్ నూటికి తొంభై అయిదు కలిపిన వరసలకంటే లోతుగా ఉంటే, మీ నష్టాలు గుంపు కడుతున్నాయి. అప్పుడు ట్రేడ్లకు బదులు రోజువారీ మొత్తాలను ఫైలులో పెట్టుకొని, వరసగా ఉన్న అయిదేసి రోజుల ముక్కలను అలాగే తీసి అతికించాలి. ముక్క పొడవు మారిస్తే 95వ పర్సంటైల్ ఎంత మారుతుందో చూసి, వచ్చిన వాటిలో లోతైనదాన్నే ప్రమాణంగా పెట్టుకోండి.

రెండో పరిమితి ఇంకా మొండిది. కుప్పలో లేని నష్టాన్ని ఎన్ని రన్‌లు చేసినా తీయలేం. మీ ఫైలులో రూ.4,000 కంటే పెద్ద నష్టం లేకపోతే లక్ష రన్‌లలోనూ అంతకు మించింది రాదు. పది వేలకు బదులు పది లక్షల రన్‌లు చేశామని చెప్పుకునే ఉపకరణాలు దశాంశాలను నున్నగా చేస్తాయే తప్ప, మీ 240 ట్రేడ్లలో లేని సమాచారాన్ని పుట్టించవు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ ఒక్క రోజులో దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజున స్టాప్‌లాస్ మీరు రాసిన ధరకే అమలవుతుందని అనుకోలేం. ఆప్షన్లు అమ్మేవారికైతే ఈ పరిమితి ప్రాణాంతకం, ఎందుకంటే వారి ఫైలు నిండా చిన్న లాభాలే ఉండి, అసలు నష్టం ఇంకా రాకపోయి ఉండవచ్చు. మీరు కొనేవారు కాబట్టి మీ ప్రీమియం మేరకే పోతుంది. అయినా ఫైలులో రూ.12,000 నష్టాన్ని చేత్తో రెండు మూడు వరుసల్లో రాసి మళ్లీ నడపండి. అవి ఊహించినవని పక్కన గుర్తు పెట్టుకోండి.

రూపాయల్లో రాసేముందు లాట్ పరిమాణం కూడా సరిచూసుకోండి. 2024 నవంబరు 20 నుంచి ప్రవేశపెట్టిన కాంట్రాక్టులకు నిఫ్టీ లాట్ 25 నుంచి 75కు పెరిగింది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న ట్రేడ్లను రూపాయల్లో అలాగే కలిపితే, పాత నష్టాలన్నీ మూడింట ఒక వంతుగా కనిపించి డ్రాడౌన్ కుంచించుకుపోతుంది. పాయింట్లలో రాసుకొని చివర ఇప్పటి లాట్‌తో గుణించడమే సరైన దారి.

మీ విషయంలో ఆపే గీతను రూ.1,00,000కు దించడం ఒక దారి. అంత పోగొట్టుకోవడం మీవల్ల కాదనుకుంటే గీతను పైకి జరపకండి, ట్రేడ్ పరిమాణాన్ని సగం చేయండి. ఓటమి రూ.2,000 అయితే 95వ పర్సంటైల్ రూ.50,000 దగ్గరికి వస్తుంది, అప్పుడు మీ రూ.50,000 గీతకు అర్థం ఉంటుంది. ఒకే లాట్ కొంటున్నందున సగం చేయడం కుదరకపోతే, తక్కువ ప్రీమియం స్ట్రైక్‌కు మారకండి. అది వేరే పద్ధతి అవుతుంది, దాని ఫలితాలు ఈ ఫైలులో లేవు. లైవ్‌లో 60 ట్రేడ్లు పూర్తయ్యాక `size=60` అని మార్చి ఇదే కోడ్ నడపండి. ఏడాది డ్రాడౌన్‌తో మూడు నెలల డ్రాడౌన్‌ను పోల్చకూడదు, ఎందుకంటే కాలం పెరిగేకొద్దీ గుంత లోతు పెరుగుతుంది. మీ అసలు డ్రాడౌన్ ఆ 60 ట్రేడ్ల 95వ పర్సంటైల్‌ను దాటితే, అప్పుడు ఆపి పద్ధతిని పరిశీలించడానికి తగిన కారణం మీ దగ్గర ఉన్నట్టు.