ముప్పై మందికి పంపబోయే ముందు, ఆ ఒక్క మెసేజ్ గురించి

చిన్నా,

ఏజెంటు పరీక్ష పాసై లైసెన్సు వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. నువ్వు ముప్పై మందికి పంపుదామని రాసుకున్న వాట్సాప్ మెసేజ్ కూడా చూశాను. దయచేసి దాన్ని ఇంకా ఎవరికీ పంపకు. ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నువ్వు రాసింది ఇది: "నమస్తే సార్, నేను ఇప్పుడు హెల్త్ ఇన్సూరెన్స్ అడ్వైజర్‌ని. మీ కుటుంబానికి సాయం చేయాలనుకుంటున్నాను. రోజుకు ఒక టీ ఖర్చుతో 10 లక్షల కవర్. మీ పాత పాలసీ ఉచితంగా చూసిపెడతాను. ఈ నెలాఖరు లోపు తీసుకుంటే మొదటి ప్రీమియంలో కొంత నేనే సర్దుతాను. రేపు ఎన్నింటికి కాల్ చేయమంటారు?"

ముందు ఆ ప్రీమియం సర్దుబాటు మాట తీసేయ్. 1938 ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం ఏజెంటు తన కమిషన్‌లో వాటా ఇస్తానని గానీ, ప్రీమియంలో కొంత తిరిగిస్తానని గానీ ఆశ చూపి పాలసీ చేయించకూడదు. జరిమానా 10 లక్షల రూపాయల దాకా ఉంది. పరీక్షలో చదివే ఉంటావు. ఊళ్లో అందరూ చేస్తున్నారని మీ సీనియర్లు చెప్పవచ్చు, వాళ్ల మాట వినకు.

ఇక అసలు విషయం. నీ మెసేజ్‌లో సాయం అన్న మాట ఉంది కానీ, చదివినాయన చేతికి అందేది ఏమీ లేదు. ఆయన నీకు జవాబివ్వాలి, టైమ్ ఇవ్వాలి, పాలసీ కాగితం ఇవ్వాలి. ఆ తర్వాతే ఏదైనా సాయం. నేను ఏ మెసేజ్ పంపేముందైనా ఒకటి చూసుకుంటాను. ఆయన దీన్ని చదివి, నాకు ఒక్క ముక్క జవాబివ్వకుండా, తన పాత కంపెనీతోనే ఉండిపోయినా ఆయనకు పనికొచ్చేది ఇందులో ఏమైనా ఉందా? ఉంటే అది సాయం. నన్ను పిలిస్తే తప్ప ఏమీ దొరకదంటే, ఎంత మర్యాదగా రాసినా అది అమ్మకమే.

ఇది నాకు మొదటి నుంచీ తెలిసిన సంగతి కాదు. 2009లో నేను ఒక రిటైర్డు మాస్టారికి సరిగ్గా నీలాగే "మీ పాలసీ ఉచితంగా చూసిపెడతాను" అని మొదలుపెట్టాను. అప్పటికి ఆయన పాలసీకి నాలుగేళ్లు నిండాయి. షుగర్, బీపీ ఉన్నాయి. నేను కాగితం చూశాను, కానీ దాన్ని చూసింది లోపాలు వెతకడానికే. మా కంపెనీది ప్రీమియం తక్కువ, కవర్ ఎక్కువ అని చెప్పి మార్పించాను. పాత పాలసీలో గడిపిన కాలం పోకుండా కంపెనీ మారే వీలునే పోర్టబిలిటీ అంటారు. అప్పటికి అది లేదు, 2011లో వచ్చింది. అంటే కంపెనీ మారితే పాత జబ్బుల వెయిటింగ్, అంటే వాటికి క్లెయిమ్ రాని గడువు, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. ఆ మాట నేను గట్టిగా చెప్పలేదు. ఏడాదిన్నరకి ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. క్లెయిమ్ రాలేదు. పాత పాలసీలోనే ఉండుంటే ఆయనకు ఆ అడ్డు ఉండేది కాదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ తర్వాత రోడ్డు మీద ఎదురైతే నేనే తల దించుకునేవాణ్ణి. ఆ రోజు నేను చేసిన తప్పు మొదటి మాటలోనే ఉంది. చూసిపెడతానన్నాను, మనసులో మాత్రం మార్పించాలనే ఉంది.

ఇప్పుడు నీ లిస్టులో ఉన్న ఒక మనిషినే తీసుకుందాం. మీ వీధి చివర ఎరువుల షాపాయన. 5 లక్షల పాలసీ ఉంది, పదేళ్ల నాటిదని నువ్వే చెప్పావు. వాళ్ల నాన్నగారికి ఈ మధ్యే మోకాలి నొప్పి ఎక్కువైంది, ఆపరేషన్ ఆలోచనలో ఉన్నారు. ఆయనకు ఈ రోజు పనికొచ్చే విషయం ఏమిటి? 10 లక్షల కవర్ కాదు. ఆయన దగ్గరున్న కాగితంలోనే రూమ్ రెంట్ లిమిట్ ఉందో లేదో తెలియడం.

పాత పాలసీల్లో చాలావాటికి రోజు గది అద్దె మొత్తం కవర్‌లో 1 శాతం అని ఉంటుంది. 5 లక్షలకి 5,000. ఆయన రోజుకు 10,000 గది తీసుకుంటే పైన పడే తేడా 5,000 మాత్రమే కదా అనుకుంటారు, నాలుగు రోజులకి ఇరవై వేలు. కానీ అలా జరగదు. అర్హత ఉన్న గది అద్దె అసలు అద్దెలో సగమే కాబట్టి గదితో పాటు పెరిగే ఖర్చులకీ సగమే ఇస్తారు. ఉదాహరణకి గది 40,000, సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000, మందులు, ఇంప్లాంట్, పరీక్షలు 60,000 అనుకో. బిల్లు 2,20,000. గదికి 20,000 వస్తుంది, డాక్టర్ల ఖర్చుకి 60,000 వస్తుంది. మందులు, ఇంప్లాంట్, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు కాబట్టి ఆ 60,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 1,40,000. చేతి నుంచి 80,000 పడుతుంది. డిశ్చార్జి రోజు కౌంటరు దగ్గర నిలబడి ఇది తెలుసుకునేవాళ్లను నేను ఎంతమందినో చూశాను. గదిని బట్టి చార్జీలు మార్చని ఆస్పత్రిలో ఈ కోత ఉండకూడదు, ఐసీయూ చార్జీల మీదా వేయకూడదు. అది కూడా నీకు తెలిసుండాలి, లేకపోతే భయపెట్టినట్టవుతుంది.

ఈ లెక్కంతా మెసేజ్‌లో పెట్టకు. నీకు అర్థమై ఉండాలని రాశాను. ఆయనకు పంపాల్సింది ఇంతే:

"నమస్తే అన్నయ్యా, నాన్నగారి మోకాలి ఆపరేషన్ ఆలోచనలో ఉన్నారని అమ్మ చెప్పింది. గది బుక్ చేసుకునే ముందు మీ పాలసీ షెడ్యూల్‌లో రూమ్ రెంట్ అన్న లైను ఒకసారి చూడండి. లిమిట్ ఉంటే ఆ లోపు అద్దె ఉన్న గదే తీసుకోండి. దాటితే డాక్టర్ల ఫీజులో కూడా కోత పడవచ్చు. అడ్మిషన్‌కి ముందే ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఈ మాట అడిగితే వాళ్లే చెప్తారు. నేను ఈ మధ్యే హెల్త్ ఇన్సూరెన్స్ ఏజెంటునయ్యాను, అందుకే ఇది గుర్తొచ్చింది. జవాబివ్వాల్సిన పని లేదు."

ఏజెంటునన్న మాట చివర్లో పెట్టించాను గానీ తీయించలేదు, గమనించు. కొందరు అది దాచి, నాలుగు రోజులు కుశలం అడిగి, తర్వాత బయటపెడతారు. అప్పుడు ఆ కుశలం కూడా అబద్ధమైపోతుంది. మొదటిసారే ఒక్క వాక్యంలో చెప్పేస్తే ఆయనకు నీ మీద అనుమానం పెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

ఇంకొకటి గమనించు. ఇందులో మీ కంపెనీ పేరు లేదు, ప్రీమియం లేదు, బ్రోచర్ లేదు, "నెలాఖరు లోపు" లేదు. గడువు చెప్పకూడదని కాదు, అది ఆయన గడువై ఉండాలి. ఆయన పాలసీ రెన్యువల్ మార్చిలో అయితే, వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలంటే సాధారణంగా 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలని పాలసీ కాగితంలో ఉంటుంది. అది ఆయనకు నిజంగా ఉపయోగపడే తారీఖు. నెలాఖరు నీ టార్గెట్ తారీఖు.

ఆపరేషన్ దగ్గర్లో ఉన్న మనిషికి మాత్రం పోర్టింగ్ ఊసే ఎత్తకు. కొత్త కంపెనీ కాదనవచ్చు. తీసుకున్నా, పెంచిన కవర్ మేరకు వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది. పాత జబ్బులకి ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు. ఆయన పదేళ్లుగా కట్టుకుంటూ వచ్చిన పాలసీ ఇప్పుడే పనికొచ్చేది. ఆపరేషన్ అయ్యాక, రెన్యువల్ ముందు ఆయన పాత కంపెనీనే రూమ్ రెంట్ లిమిట్ లేని ప్లాన్‌కి మార్చగలరా అని అడగమను. అలా మారితే నీకు రూపాయి రాదు. అయినా ఆయనకు అదే మంచిదైతే అదే చెప్పాలి.

ఆధార్ కార్డు, మెడికల్ రిపోర్టులు, పుట్టిన తేదీ లాంటివి మొదటి మెసేజ్‌లో అడగకు. "మీకేదైనా అయితే పిల్లల పరిస్థితి ఏంటి" లాంటి మాటలు అసలే వద్దు. శుభమా అని పొద్దున్నే ఫోన్ తెరిచిన మనిషికి అది శాపంలా తగులుతుంది.

ఇక ముప్పై మందికి ఒకే మెసేజ్ అన్నది కుదరదని నీకే అర్థమై ఉంటుంది. షాపాయనకి రాసింది మీ కాలేజీ స్నేహితుడికి పనికిరాదు. వాడికి ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంటుంది, వాడు ఉద్యోగం మారబోతున్నాడన్నావు. ఆఫీసు కవర్ మామూలుగా చివరి పనిరోజుతోనే ఆగిపోతుంది, కొత్త చోట ఎప్పటి నుంచి మొదలవుతుందో హెచ్ఆర్‌ని అడగమని రాయి. మిగతావాళ్లలో ఎవరి గురించి నీకు ఇంత కూడా తెలియదో వాళ్లకు ఇప్పుడు ఏమీ రాయకు. ముప్పైలో ఆరుగురే మిగిలితే ఆ ఆరుగురికే రాయి.

జవాబు రాకపోతే మళ్లీ "చూశారా సార్" అని తట్టొద్దు. నేను సాయమని పంపినదానికి రసీదు అడిగితే అది సాయం కాకుండా పోతుంది. నాన్నగారు అడ్మిట్ అయ్యారని తెలిస్తే అప్పుడు రాయి, అది కూడా పనికొచ్చే ముక్కే: క్యాష్‌లెస్ అడిగితే ఒప్పుకుంటుందో లేదో కంపెనీ గంటలో చెప్పాలి, డిశ్చార్జి బిల్లుకి మూడు గంటల్లో చెప్పాలి, ఇది 2024 నుంచి ఉన్న నియమం. ఆలస్యమైతే వాళ్లు ఆ మాట పట్టుకుని అడగవచ్చు.

షాపాయన జవాబిచ్చినా ఎక్కువ సార్లు వచ్చేది ఇలాంటిదే: "చూశాను తమ్ముడూ, మా పాలసీలో లిమిట్ ఏమీ లేదంట." అప్పుడు నీ చేయి "అయినా ఇంకో ప్లాన్" అని టైప్ చేయబోతుంది. ఆపి ఇలా రాయి: "అయితే మంచి పాలసీ అన్నయ్యా, మార్చకండి. నాన్నగారికి త్వరగా తగ్గాలి."

ఆ ఆరు మెసేజ్‌లూ రాశాక నాకు పంపు, చదివి చెప్తాను.

మీ మామయ్య