ఒత్తు దగ్గర ఆగిపోయే పిల్లలకు చదవడం నేర్పడం

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సఖినేటిపల్లి వైపు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పగానే సంతోషించాను. నీ ఉత్తరం నిన్న అందింది. మూడో తరగతి పిల్లలు గుణింతాలు గడగడా అప్పజెబుతున్నారు గానీ, ఒత్తున్న మాట రాగానే ఆగిపోతున్నారని రాశావు. బస్సు బోర్డు మీద అంతర్వేదిని ఒకడు ‘అంతరేవది’ అని చదివాడట. వాడు తెలివితక్కువవాడు కాదు. కంటికి ఏ వరసలో కనిపించిందో ఆ వరసలోనే చదివాడు, అంతే. అది సరిచేయాలంటే ముందు కొంచెం వెనక్కి, అకారం దగ్గరికి వెళ్ళాలి.

ఏ గుర్తూ లేని మాటలు కొన్ని పలక మీద రాయి: పడవ, వరద, జడ, వల. వాటిని చదివించి ‘ఇందులో అ ఎక్కడుంది?’ అని అడుగు. పిల్లలు చాలామంది ‘వ’ తలకట్టు చూపిస్తారు. అప్పుడు ‘వల’లో ‘ల’ చూపించు. దానికి తలకట్టు లేదు, అయినా అకారం పలుకుతున్నాం. జ, బ, ట, ణ, ఖ కూడా అంతే. కాబట్టి అకారం తలకట్టులో లేదు, అక్షరంలోనే ఉంది. మరో గుర్తు వచ్చి మార్చేదాకా అది అక్కడే ఉంటుంది. ‘కి’లో తలకట్టు పోయి ఆ చోట గుడి వచ్చింది, అకారమూ పోయింది. ‘కు’లో మాత్రం తలకట్టు అలాగే ఉంది, కొమ్ము పక్కన చేరింది, అయినా అకారం లేదు. ఈ ‘కు’ దగ్గర కాసేపు ఆగు. తలకట్టు కనబడితే అకారం ఉన్నట్టే అనుకునే అలవాటు ఇక్కడే పోవాలి, ఎందుకంటే ఒత్తుల్లో మోసం చేసేది అదే.

అకారాన్ని తీసేసి ఏ అచ్చూ పెట్టకుండా వదిలేస్తే పొల్లు. క్, ర్, ల్. మన పిల్లలకు ఇది బస్, టెన్షన్ లాంటి ఇంగ్లీషు మాటల వల్ల బాగానే పరిచయం, కాబట్టి వాటితోనే చెప్పు. హిందీ వినే పిల్లలుంటే ఒక్క మాట హెచ్చరించు. హిందీలో చివరి అక్షరానికి పొల్లు లేకపోయినా ‘రామ్’ అని ఆపేస్తారు. తెలుగులో పొల్లు రాయకపోతే అకారం పలకాల్సిందే. ‘వరద’ను ‘వరద్’ అనకూడదు.

గుణింతం వచ్చిందో లేదో వరసలో చెప్పించి తేల్చుకోకు. ‘కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి’ అని పాటలా చెప్పే పిల్లకు ‘తె’ ఒక్కటే రాసి చూపించు. పెదాలు కదుపుతూ త, తా, తి దగ్గర్నుంచి వస్తోందంటే ఆమెకు వచ్చింది పాట మాత్రమే, ఎత్వం గుర్తు ఇంకా రాలేదు. అలాంటి పిల్లకు ఒత్తులు అప్పుడే మొదలుపెట్టకు. గుర్తు ఒకటే ఉంచి అక్షరాలు మార్చు: కె, తె, నె, పె, లె. గుణింతం వరసకు ఇది అడ్డంగా వెళ్ళడం. వారం రోజులు ఇలా చేస్తే తేడా నీకే తెలుస్తుంది.

ఇక ఒత్తు. అమ్మ, అక్క, పల్లి సరిగ్గా చదివారు కాబట్టి ఒత్తులు వచ్చేశాయనుకున్నానని రాశావు. అవి జంట అక్షరాలు. పైనా కిందా ఒకటే హల్లు కాబట్టి, ఏది ముందో తెలియకపోయినా ఆ హల్లును ఒత్తి పలికితే సరిపోతుంది, తప్పు బయటపడదు. పైన ఒకటి, కింద వేరొకటి ఉన్న మాటలు ఇచ్చి చూడు: వస్తే, బస్తీ, అంతర్వేది. ‘వసేత’, ‘బసీత’ అని వినిపించిందంటే లోపం ఎక్కడుందో తెలిసినట్టే. పిల్ల పై హల్లునీ దాని తలమీది గుర్తునీ కలిపి చదివేసి, ఆ తర్వాత కిందికి చూస్తోంది.

నిజానికి పలికే వరస వేరు: పై హల్లు పొల్లుగా, తర్వాత కింది హల్లు, అన్నిటికన్నా చివర పైనున్న అచ్చు. ఒత్తుకు విడిగా గుర్తు పెట్టే చోటు లేదు కాబట్టి దాని అచ్చును పై హల్లు తలమీద రాస్తున్నాం. ఈ మాట పిల్లలకు చెప్పేస్తే సరిపోదు, వాళ్ళ కళ్ళ ముందు జరగాలి. ఆ అంతర్వేదినే తీసుకో. మొదట విడదీసి రాయి:

అం – త – ర్ – వే – ది

ఇది ఎవరైనా చదువుతారు. నెమ్మదిగా రెండుసార్లు చదివించు. ఇప్పుడు ‘ర్’ మీది పొల్లు చెరిపేసి, ‘వ’ను చిన్నది చేసి ‘ర’ కింద రాయి. ఏత్వం మిగిలిపోయింది కదా, దాన్ని ‘ర’ తలమీదికి చేర్చు. ‘ర్వే’ అయింది. ‘ఈ ఏత్వం ఎవరిది?’ అని అడుగు. ‘వ’ది అని క్లాసంతా చెప్పేదాకా రెండో మాటకు వెళ్ళకు. తర్వాత వాళ్ళ వేలు ముందు ‘ర’ మీద, తర్వాత ఒత్తు మీద, చివర ఏత్వం మీద పెట్టించి చదివించు.

ఫోన్లో తెలుగు కీబోర్డు ఉంటే అదే పని చేసి చూపించు. ర, పొల్లు, వ, ఏత్వం అని పలికే వరసలోనే నొక్కాలి. పొల్లు తర్వాత ‘వ’ నొక్కగానే అది కిందికి దిగుతుంది, ఏత్వం నొక్కగానే అది ‘ర’ మీదికి ఎక్కుతుంది. పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు, ఆ వరస ఇక మరిచిపోరు.

పాత అచ్చు పుస్తకాల్లో ఈ చిక్కు కొంత తక్కువ ఉండేది. అప్పట్లో ‘ర్వ’ లాంటి చోట ‘వ’ను పెద్దగా రాసి, ‘ర్’కు గుర్తుగా దాని కుడిపక్కన వలపలగిలక పెట్టేవారు, కాబట్టి ఏత్వం ‘వ’ మీదే ఉండేది. గిలకను ముందుగా చదవాలన్నది మాత్రం అప్పుడూ నేర్చుకోవలసిందే. మీ బడి బీరువాలో పాత పుస్తకమేదైనా దొరికితే చూడు, నాకు ఆ రాత మీద ఇప్పటికీ మమకారమే.

ఆ తర్వాత వసిష్ఠ ఇవ్వు. ఆ నది పాయ మీ బడికి దగ్గరే కాబట్టి పేరు పిల్లల నోట్లో ఉంటుంది. ఇక్కడ ‘ష’ మీద తలకట్టు ఉంది, అకారం మాత్రం ‘ఠ’ తర్వాత వినిపిస్తుంది. ముందు ‘కు’ దగ్గర చెప్పింది ఇక్కడ అక్కరకొస్తుంది. ఒత్తుల రూపాల గురించి ఎక్కువ కంగారు వద్దు. చాలావరకు తలకట్టు తీసేసిన చిన్న అక్షరాలే. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అక్షరాన్ని పోలవు, వాటిని విడిగా రాయించు.

డిక్టేషన్ కూడా పెట్టు. ‘వస్తే’ చెబితే ‘వత్సే’ అని రాసినవాడికి హల్లుల వరస తారుమారైంది, వాడితో మళ్ళీ విడదీసి రాయించాలి. ‘వస్తె’ అని రాసినవాడికి ఒత్తు వచ్చింది, పొట్టి పొడుగు వినడం రాలేదు. ఇద్దరికీ ఒకే ఎర్ర గీత పెట్టి వదిలేయకు.

వట్రసుడి, క్రావడి సంగతి ఇప్పుడే ఎత్తుకోకు. ‘కృ’, ‘క్రు’ మన పలుకులో ఒకటైపోయాయి, చెవి సాయం చేయదు. కృషి, కృప లాంటివి మాటగా చూసి గుర్తుపెట్టుకోవలసిందే. అంతర్వేది, వసిష్ఠ తడబడకుండా చదివాక, దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టు.

మీ పెద్దమ్మ