నాఫ్తలీన్‌లో ఆల్ఫా ముందు, బీటా తర్వాత ఎందుకు?

"సర్, బీఎస్సీ ఫైనల్ ఇయర్. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి ఫార్మా ఆర్ అండ్ డీలోకి వెళ్లాలనుంది. నాఫ్తలీన్ దగ్గరికొస్తే గ్రూప్ 1 మీద వస్తుందా 2 మీద వస్తుందా ప్రతిసారీ బట్టీ పడుతున్నా, ఎంట్రన్స్‌లో కొంచెం తిప్పి అడిగితే పోతోంది. ఆల్ఫా ఎందుకు ఫాస్టో అర్థమయ్యేలా చెప్పరా?"

చూడమ్మా, బట్టీ అక్కర్లేదు, ఒక్క కాగితం తీసుకో. బీరువాలో పెట్టే కలరా ఉండలు ఉంటాయి కదా, అదే నాఫ్తలీన్, రెండు బెంజీన్ రింగులు ఒక అంచు పంచుకుని ఉంటాయి. ఆ అంచుకి పక్కనే ఉన్న 1, 4, 5, 8 ఆల్ఫాలు, మిగతా 2, 3, 6, 7 బీటాలు.

ఇప్పుడు ఎలక్ట్రోఫైల్ వచ్చి 1 మీద కూర్చుందనుకో, ప్లస్ చార్జ్ ఎక్కడెక్కడికి పోతుందో వరసగా గీయి. ముందు 2 మీద, తర్వాత 4 మీద, ఈ రెండు చోట్లా ఉన్నప్పుడు పక్క రింగ్ బెంజీన్‌లాగా చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే ఎలక్ట్రోఫైల్ 2 మీద కూర్చుంటే, చార్జ్ 1 మీద ఉన్నప్పుడు మాత్రమే పక్క రింగ్ బాగుంటుంది, అక్కడినుంచి చార్జ్ కదిలితే రెండో రింగ్ అరోమాటిసిటీ కూడా పోతుంది. మొత్తం గీస్తే ఆల్ఫాకి ఏడు బొమ్మలు, అందులో బెంజీన్ రింగ్ మిగిలినవి నాలుగు. బీటాకి ఆరు, మిగిలినవి రెండే. చాలామంది ఏడు పెద్దదా ఆరు పెద్దదా అని ఆగిపోతారు, కానీ అసలు తేడా నాలుగుకీ రెండుకీ మధ్య ఉంది. అందుకే ఆల్ఫా దారిలో మధ్యలో వచ్చే కాటయాన్ తక్కువ ఎనర్జీలో ఉంటుంది, ఎక్కాల్సిన గుట్ట చిన్నది, రియాక్షన్ ఫాస్ట్. నైట్రేషన్ చేస్తే దాదాపు అంతా 1-నైట్రో రావడానికి కారణం ఇదే.

అయితే ఫాస్ట్ అంటే స్టేబుల్ అని కాదు, తిప్పి అడిగేది ఇక్కడే. సల్ఫోనేషన్ 80 డిగ్రీల దగ్గర చేస్తే ఆల్ఫా ఆమ్లం, 160 దగ్గర చేస్తే ఎక్కువగా బీటా. ఎందుకంటే 1 మీద ఉన్న పెద్ద సల్ఫోనిక్ గ్రూప్‌కి ఎదురుగా 8 మీద హైడ్రోజన్ ఉంటుంది, దాన్నే పెరి హైడ్రోజన్ అంటాం, రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. సల్ఫోనేషన్ వెనక్కి కూడా నడుస్తుంది కాబట్టి వేడి ఎక్కువైతే ఆల్ఫా ఊడిపోయి మళ్లీ కట్టుకుంటూ, చివరికి ఇరుకు లేని బీటా దగ్గర పోగవుతుంది. నైట్రేషన్ అలా వెనక్కి రాదు, అందుకే అక్కడ వేడి పెంచినా బీటా ప్రధానం కాదు. ప్రశ్నలో ఉష్ణోగ్రత ఇచ్చారంటే ముందు ఈ రియాక్షన్ వెనక్కి నడుస్తుందా అని చూసుకో.

ముందే ఒక గ్రూప్ ఉంటే ఎలాగో నువ్వు వెళ్దామనుకుంటున్న రంగంలోంచే చూపిస్తా. నాప్రోక్సెన్ నొప్పి మందు తెలుసుగా, మన హైదరాబాద్‌లోని దివీస్ దాని పెద్ద తయారీదారుల్లో ఒకటి. పరిశ్రమలో వాడిన ఒక దారి 2-నాఫ్తాల్‌కి బ్రోమిన్ ఇవ్వడంతో మొదలవుతుంది. మొదటి బ్రోమిన్ ఎటు? ఓహెచ్‌కి పక్కన 1, 3 రెండూ ఉన్నాయి, కానీ 3కి వెళ్తే ఆక్సిజన్ సాయం చేసేటప్పుడు పక్క రింగ్ చెడుతుంది, 1కి వెళ్తే చెడదు, పైగా అది ఆల్ఫా. కాబట్టి 1. రెండోది? ఓహెచ్ పక్క రింగ్‌లో 6కీ 8కీ ఎలక్ట్రాన్లు పంపగలదు (5 మీద దాడి చేస్తే చార్జ్ ఓహెచ్ ఉన్న కార్బన్ దాకా రాదు, గీసి చూడు). 8 ఆల్ఫానే అయినా 1 మీద బ్రోమిన్ ఎదురుగా ఉంది, ఇరుకు. అందుకని 6. అలా 1,6-డైబ్రోమో వస్తుంది, తర్వాత 1 మీది బ్రోమిన్‌ని తీసేస్తారు, మనకి కావలసింది 6 మీదిదే.

ఆల్ఫానే ఫాస్ట్ అని మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఈ రెండో బ్రోమిన్ దగ్గర తడబడతారు. ఇంటర్వ్యూలో ఇది అడిగితే నువ్వు చెప్పాల్సిన వరస ఇదీ: ముందు పక్క రింగ్ మిగులుతుందా, తర్వాత ఉన్న గ్రూప్ చార్జ్‌ని పట్టుకోగలదా, ఆ తర్వాత పెరి దగ్గర ఖాళీ ఉందా. రేపు 1-నాఫ్తాల్ తీసుకుని నువ్వే గీయి, 2, 4 వస్తే సరిగ్గా పట్టుకున్నట్టే, 8 వచ్చిందంటే చార్జ్‌ని ఎక్కడో తప్పు నడిపించావు.