శాంపిల్‌లో దొరికిన తప్పును క్లయింటు సరిదిద్దినా అది మిగతా మొత్తానికి ఎందుకు వర్తిస్తుంది?

ప్రశ్న: నేను సీఏ ఆర్టికల్‌షిప్ మొదటి ఏడాదిలో ఉన్నాను. బాకీదారుల ఖాతాల శాంపిల్‌లో రెండు తప్పులు దొరికాయి, కలిపి 40,000 రూపాయలు. క్లయింటు రెండింటినీ సరిదిద్దారు. అయినా మా సీనియర్ వర్కింగ్ పేపర్‌లో లక్షల్లో తప్పు చూపించమంటున్నారు. ఎందుకు?

జవాబు: మీ సీనియర్ చెప్పింది సరైనదే. ఆర్టికల్‌గా ఉన్నప్పుడు నేనూ ఇలాగే "తప్పులు సరిదిద్దబడినవి" అని రాసి ఫైలు మూసేశాను, మా ప్రిన్సిపాల్ గారు దాన్ని వెనక్కి పంపారు. మీరు చూసినవి కొన్ని ఖాతాలే. వాటిలో దొరికిన తప్పు, చూడని ఖాతాల్లో ఏముండవచ్చో చెప్పే ఆనవాలు. అందుకే వివరాల పరీక్షల్లో దొరికిన తప్పులను మొత్తం జనాభాకు, అంటే శాంపిల్ ఏ ఖాతాల నుంచి తీశామో వాటన్నిటికీ, ప్రొజెక్ట్ చేయాలని ఆడిట్ శాంప్లింగ్ ప్రమాణం ఎస్‌ఏ 530 ఆదేశిస్తుంది.

అప్పటి లెక్కను అంకెలు గుండ్రంగా మార్చి చెబుతాను. ఒక పంపిణీ వ్యాపారికి రావలసిన బాకీలు 6 కోట్లు, మేము సహించగల తప్పు 30 లక్షలు. రూపాయి ప్రాతిపదికన శాంపిల్ తీశాం, అంటే ఎంపికయ్యేది ఖాతా కాదు, రూపాయి. ఆ రూపాయి ఏ ఖాతాలో ఉంటే ఆ ఖాతాను పూర్తిగా పరిశీలిస్తాం. 95 శాతం నమ్మకానికి, తప్పులేవీ రావన్న అంచనాతో, 30 లక్షలను పట్టికలోని గుణకం 3తో భాగిస్తే ఇంటర్వల్, అంటే ఒక ఎంపికకూ తర్వాతి ఎంపికకూ మధ్య దూరం, 10 లక్షలు వచ్చింది. అంతకు మించిన 12 ఖాతాలను (2.40 కోట్లు) పూర్తిగా చూశాం. వాటిలో తప్పేమీ రాలేదు. వచ్చి ఉన్నా ఉన్నదున్నట్టు కలపడమే తప్ప ప్రొజెక్ట్ చేయనక్కరలేదు, ఎందుకంటే అక్కడ చూడనిదంటూ ఏమీ మిగలలేదు. మిగిలిన 3.60 కోట్లలో 36 ఎంపికలు జరిగాయి.

వాటిలో రెండు తప్పులు దొరికాయి. 2,00,000 ఖాతాలో 20,000 ఎక్కువ చూపారు. 40,000 ఖాతాలో కూడా ఎక్కువ చూపింది 20,000లే. రూపాయల్లో రెండూ సమానమే కానీ, కల్తీ, అంటే ఖాతా విలువలో తప్పు ఎంత శాతమన్నది, మొదటిదానిలో 10 శాతం, రెండోదానిలో 50 శాతం. ఎంపికైన ప్రతి రూపాయి 10 లక్షల ఇంటర్వల్‌కు ప్రతినిధి కనుక మొదటిది 1 లక్ష, రెండోది 5 లక్షల తప్పును సూచిస్తుంది. మొత్తం 6 లక్షలు. క్లయింటు సరిదిద్దినది అందులో 40,000 మాత్రమే, ఇంకా 5.60 లక్షలు మిగిలే ఉన్నాయి. మీ ప్రశ్నకు సూటి సమాధానం ఇదే.

6 లక్షలు 30 లక్షల కన్నా తక్కువే కదా అని అక్కడ ఆగడం నేను చేసిన రెండో పొరపాటు. 6 లక్షలు అంచనా మాత్రమే; శాంపిల్ మనల్ని తప్పుదారి పట్టించే అవకాశాన్ని కూడా కలిపి పై పరిమితిని చూడాలి. తప్పే రాకపోయినా అది 30 లక్షలు. కల్తీలను పెద్దది మొదలు పేర్చి, 5 లక్షలను 1.75తో, 1 లక్షను 1.55తో (ఇవీ అదే పట్టికలోని గుణకాలే) గుణించి ఆ 30 లక్షలకు కలిపితే 40.3 లక్షలయింది. తప్పులు రావని అనుకుని శాంపిల్ లెక్కగట్టినప్పుడు ఒక్క తప్పు దొరికినా పై పరిమితి సహించగల తప్పును దాటుతుందన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. తప్పులు వచ్చే చరిత్ర ఉన్న క్లయింటు దగ్గర, కొంత తప్పును ముందే ఊహించి పెద్ద శాంపిల్ తీసుకోవడం మేలు.

"కొత్త గుమాస్తా పొరపాటండీ, ఇంకెక్కడా ఉండదు" అన్నారు అకౌంటెంట్ గారు. ఒక తప్పును ఏకైకమని పక్కన పెట్టడం చాలా అరుదైన సందర్భాల్లోనే కుదురుతుంది, అదీ మిగతా జనాభాలో అటువంటిది లేదని అదనపు పరీక్షలతో తేల్చుకున్నాకే. మేము కారణం వెతికాం. 40,000 ఖాతాలో సరుకు మార్చి చివర్లో ఒక బ్రాంచికి వాపసు వచ్చింది కానీ, క్రెడిట్ నోట్ ఏప్రిల్‌లో రాశారు. ఆ బ్రాంచి గోదాము వాపసు రిజిస్టరులో మార్చి చివరి పది రోజుల ఎంట్రీలన్నీ క్రెడిట్ నోట్లతో సరిపోల్చితే 8.40 లక్షల విలువైనవి అలాగే ఉన్నాయి. మిగతా బ్రాంచిలలో వాపసుల క్రెడిట్ నోట్లు అదే నెలలో రాసినట్టు రుజువయ్యాకే, ఈ కారణాన్ని విడిగా తీసి, ఆ మొత్తాన్ని క్లయింటు చేత పుస్తకాల్లో సరిచేయించాం.

అప్పుడు ప్రొజెక్ట్ చేయవలసింది మొదటి తప్పు ఒక్కటే మిగిలింది. అయినా పై పరిమితి 31.75 లక్షలు, ఇంకా ఎక్కువే. ఇంటర్వల్‌ను 5 లక్షలకు తగ్గించి, అదనంగా ఎంపికైన ఖాతాలన్నీ చూస్తే కొత్త తప్పు రాలేదు. పై పరిమితి 15.9 లక్షలకు దిగింది. ప్రొజెక్ట్ చేసిన 50,000లలో దొరికిన 20,000 సరిదిద్దారు. మిగిలిన 30,000 లెక్కకట్టిన అంచనాయే కనుక దానికి జర్నల్ ఎంట్రీ అడగలేదు, సరిదిద్దని తప్పుల పట్టికలో చేర్చాం.

ఈ పద్ధతి బాకీలు ఎక్కువ చూపారా అన్నదానికే సరిపోతుంది. తక్కువగా రాసిన ఖాతాలో రూపాయలు తక్కువ కాబట్టి అది ఎంపికయ్యే అవకాశమూ తక్కువే. క్రెడిట్ బ్యాలెన్సు ఉన్న ఖాతాలను ముందే వేరుచేసి విడిగా పరీక్షించండి.